క్రుంకు సూర్యుడును మినుకుమను చుక్కలును

అస్తమయ సమయమున సూర్యబింబము గుండ్రముగా ఉండదు. పైనుండి అదిమిన బూరెవలె నిలువున కురచయై కనిపించును. ఇది కంటి భ్రమ కాదు, కొలిచి చూడవచ్చును. బింబపు క్రింది అంచు నేలను తాకినప్పుడు కెమెరాను వాలకుండ పట్టి ఛాయాచిత్రము తీసి, దానిపై స్కేలు పెట్టి అడ్డుకొలతను, నిలువుకొలతను కొలువుడు. అడ్డము 32 మిల్లీమీటరులున్నచో నిలువు ఇంచుమించు 27 ఉండును. ఎఱ్ఱబడి కాంతి తగ్గిన సూర్యుని విషయములో మాత్రమే ఈ పని చేయవలెను. దుర్భిణితో సూర్యుని ఎన్నడును చూడరాదు.

ఆకాశములోని కొలతలకు డిగ్రీ చాల పెద్దది. డిగ్రీలో 60వ వంతును కళ యనియు, కళలో 60వ వంతును వికళ యనియు మన జ్యోతిశ్శాస్త్రమున వాడుక. సూర్యుని వ్యాసము దాదాపు 32 కళలు. పై ఛాయాచిత్రములో ఒక మిల్లీమీటరు ఒక కళకు సమానమనుకొన్నచో, నిలువున 5 కళలు ఏమయినవి?

శూన్యమునుండి గాలిలోనికి వచ్చు కాంతి వంగును. నేలమట్టమున గాలి వక్రీభవన గుణకము సుమారు 1.0003, పైకి పోవు కొలది గాలి పలుచనగుటచే అది తగ్గుచుండును. అందుచే కిరణము పలుచని పొరలనుండి దట్టమైన పొరలలోనికి దిగుచు, అడుగడుగున కొంచెము కొంచెముగా నేలవైపునకు వంగును. మన కన్ను ఆ వంపు నెరుగదు. కిరణము చివరకు ఏ దిక్కునుండి వచ్చినదో ఆ దిక్కుననే వస్తువున్నదని తలచును. కనుక ఆకాశములోని ప్రతి వస్తువును తన నిజస్థానముకన్న కొంచెము పైకి లేచినట్లు కనిపించును.

ఈ లేపుడు అంతట సమానము కాదు. నడినెత్తిన అది సున్న. 45 డిగ్రీల ఎత్తున ఒక కళ మాత్రమే. 10 డిగ్రీల ఎత్తునకు దిగిన వస్తువునకు 5 కళలకు కొంచెము పైన. క్షితిజముమీద ఒక్కసారిగా 34 కళలు! ఆ చివరి డిగ్రీలలో కిరణము గాలి పొరలను ఏటవాలుగా చీల్చుకొని చాల దూరము రావలసి యుండుటచే వంపు త్వరత్వరగా పెరుగును.

ఇప్పుడు లెక్క వేయుదము. బింబపు క్రింది అంచు క్షితిజముమీద కనిపించుచున్నది. అది 34 కళలు లేపబడినది గనుక దాని నిజస్థానము క్షితిజమునకు 34 కళలు క్రింద. పై అంచు 27 కళల ఎత్తున కనిపించుచున్నది. ఆ ఎత్తున లేపుడు 29 కళలు గనుక దాని నిజస్థానము 2 కళలు క్రింద. 34లోనుండి 2 తీసివేసిన 32, నిజవ్యాసము సరిపోయినది. క్రింది అంచు పై అంచుకన్న 5 కళలు ఎక్కువగా లేచుటయే బింబము అణగుటకు కారణము. అడ్డముగా ఉన్న రెండంచులు ఒకే ఎత్తున ఉన్నవి గనుక సమానముగా లేచును, వెడల్పు మారదు.

ఈ లెక్కలోని వింతను గమనించితిరా? పై అంచుకూడ క్షితిజమునకు క్రిందనే ఉన్నది. అనగా మనము చూచుచున్న సూర్యుడు నిజమునకు పూర్తిగా అస్తమించినాడు! మచిలీపట్టణమువంటి చోట విషువద్దినముల ప్రాంతమున సూర్యుడు నిమిషమునకు 14 కళలకు కొంచెము పైగా దిగును. ఆ లెక్కన 34 కళలు దిగుటకు రెండు నిమిషములు దాటును. ఉదయమునను ఇట్లే ముందుగా కనిపించును. పై అంచు కనబడుటతో ఉదయము, అది మరుగగుటతో అస్తమయము అని లెక్కించుటవలన బింబపు సగము వ్యాసము 16 కళలుకూడ చేరి, పగలు రాత్రి సమానమని మనము చెప్పు ఆ దినమున పగలు 12 గంటలకన్న సుమారు 7 నిమిషములు ఎక్కువ ఉండును. మార్చి 21 నాటి వార్తాపత్రికలోని ఉదయాస్తమయ కాలములతో విద్యార్థులు దీనిని సరిచూడవచ్చును.

34 కళలన్నది సగటు మాత్రమే. నేలదాపున గాలి వేడిమినిబట్టి అది మారుచుండును. వేడిగాలి, చల్లగాలి పొరలుపొరలుగా పేరుకొన్ననాడు బింబపు అంచులు మెట్లుమెట్లుగా తెగినట్లగును. ఇక క్షితిజమువద్ద సూర్యుడు పెద్దదిగా తోచుట వేరు సంగతి; అది మాత్రము భ్రమయే. వక్రీభవనము బింబమును తగ్గించునే కాని పెంచదు.

ఇంతవరకు గాలిని కదలని పొరలుగా భావించితిమి. నిజమునకు దానిలో వెచ్చని, చల్లని పాయలు ఎల్లప్పుడును కలియబడుచుండును. ఒక డిగ్రీ సెంటిగ్రేడు భేదమునకు వక్రీభవన గుణకము పదిలక్షలలో ఒక వంతు మాత్రమే మారును. అతిస్వల్పమే, కాని కాంతి ఇటువంటి పాయలగుండ కొన్ని కిలోమీటరులు ప్రయాణము చేయును. ఎండలో నీళ్ళతొట్టి అడుగున కదలాడు వెలుగుల వలను చూచియుందురు. నీటి అలలు కిరణములను ఒకచోట చేర్చి, మరొకచోట చెదరగొట్టుటచే అది ఏర్పడును. నక్షత్రకాంతికూడ నేలమీద ఇటువంటి వలనే పరచును. గాలి కలత 10 కిలోమీటరుల ఎత్తున ఉన్నచో అందలి వెలుగు మచ్చల వెడల్పు 7 సెంటీమీటరుల ప్రాంతమున, అనగా అరచేయంత ఉండును. గాలివాటున ఆ వల మనమీదుగా పరుగెత్తును. చీకటిలో విచ్చుకొన్న కంటిపాప 7 మిల్లీమీటరులే. వెలుగుమచ్చ వచ్చినప్పుడు చుక్క మెరయును. చీకటిమచ్చ వచ్చినప్పుడు మందగించును. ఇదియే మినుకు.

గ్రహము ఏల మినుకదు? గ్రహములు దగ్గర గనుక అని చాలమంది చెప్పి ఊరకుందురు. ఆ సమాధానము చాలదు. కావలసినది బింబపు వెడల్పు. గురుని బింబము సుమారు 40 వికళలు. దానిలోని ప్రతి బిందువును ఒక నక్షత్రమే అనుకొనుడు. ప్రతిదియు నేలమీద తన వలను తాను పరచును. 10 కిలోమీటరుల ఎత్తునుండి లెక్కించినచో, బింబపు ఒక అంచు పరచిన వలకును రెండవ అంచు పరచిన వలకును నడుమ దాదాపు 2 మీటరుల జరుగుడు ఉండును. అరచేయంత మచ్చలుగల వలలు లెక్కలేనన్ని రెండు మీటరుల మేర ఒకదానిపై ఒకటి పడినప్పుడు, ఒకదాని వెలుగు మరొకదాని చీకటిని పూడ్చివేయును. కంటికి మిగులునది నిలకడ కాంతి. నక్షత్రములలో ప్రకాశమున మొదటిదైన మృగవ్యాధుని వెడల్పు 0.006 వికళ మాత్రమే. ఆ జరుగుడు మిల్లీమీటరులో మూడవ వంతు. వలలన్నియు ఒకదానిమీద ఒకటి సరిగా అమరి, మచ్చలు చెరగకుండ నిలుచును.

మార్గశిర పుష్య మాసములలో రాత్రి మొదటి జామున తూర్పునకు కొంచెము దక్షిణముగా ఉదయించు ఈ మృగవ్యాధుని చూడుడు. మినుకుటయే కాక ఎఱుపు, ఆకుపచ్చ, నీలము రంగులను వెదజల్లుచుండును. నీలికాంతి ఎఱ్ఱకాంతికన్న ఎక్కువ వంగును. క్షితిజము దాపున అవి వేరువేరు త్రోవలలో, వేరువేరు పాయలగుండ వచ్చి వేరువేరుగా మినుకును. నక్షత్రము పైకి వచ్చిన కొలది ఈ రంగులాట తగ్గును.

మినుకునుబట్టి గ్రహమును గుర్తించు పద్ధతి కొంత ఎత్తుననే పనికివచ్చును. క్షితిజము దాపున గాలిత్రోవ పొడవగుటచే మచ్చలు పెద్దవగును, కలత హెచ్చును. అప్పుడు గ్రహములును వణకవచ్చును. ముఖ్యముగా బుధుడు: బింబము చిన్నది, పైగా సంధ్యవేళ తక్కువ ఎత్తుననే కనిపించును. పడమట మినుకుచున్నదని ఆతనిని నక్షత్రముగా త్రోసివేయక, నక్షత్రపటముతో ఒకసారి సరిచూచుకొనవలెను.