వార్తల్లో పదం: జీడీపీ డిఫ్లేటర్

2025 జులై-సెప్టెంబరులో దేశ జీడీపీ నామినల్‌గా 8.7 శాతం, రియల్‌గా 8.2 శాతం పెరిగిందని అదే ఏడాది నవంబరులో జాతీయ గణాంక కార్యాలయం ప్రకటించింది. ఒకే త్రైమాసికానికి రెండు అంకెలు! నామినల్ అంటే నేటి ధరల్లో లెక్కించిన విలువ. రియల్ అంటే ధరల మార్పును తీసేశాక మిగిలే అసలు ఉత్పత్తి. ఈ రెంటి నిష్పత్తే డిఫ్లేటర్.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టిఫిన్ బండిని ఊహించుకుందాం. నిరుడు రోజుకు 100 ప్లేట్ల ఇడ్లీ, ప్లేటు 40 రూపాయలు: రాబడి 4,000. ఈ ఏడాది 105 ప్లేట్లు, ధర 44: రాబడి 4,620. పెరుగుదల 15.5 శాతం. కానీ జనం అదనంగా తిన్నది 5 ప్లేట్లే. పాత ధరకు లెక్కిస్తే 4,200, అంటే 5 శాతం. 4,620ని 4,200తో భాగించి 100తో గుణిస్తే 110 వస్తుంది. అదే డిఫ్లేటర్, ధరలు 10 శాతం పెరిగాయని అర్థం. ధరల్ని తీసేయకపోతే, రేటు పెంచడాన్నే ఎదుగుదల అనుకుంటాం.

డిఫ్లేటర్ అంటే ఎల్‌బీ నగర్ కుటుంబం చూసే చిల్లర ద్రవ్యోల్బణం కాదు. అందులో ఇంటి ఖర్చులే ఉంటాయి. డిఫ్లేటర్‌లో యంత్రాలు, నిర్మాణం, ప్రభుత్వ సేవలూ ఉంటాయి.

ఒక చిక్కూ ఉంది. మినప్పప్పు చవకై, ఇడ్లీ ధర మారకపోతే బండికి మిగులు పెరుగుతుంది. ఆ మిగులును ఇడ్లీ ధరతోనే సవరిస్తే, ఒక్క ప్లేటూ ఎక్కువ అమ్మకపోయినా రియల్ వృద్ధి కనిపిస్తుంది. అందుకే ముడిసరుకునూ, ఉత్పత్తినీ వేర్వేరు ధరలతో సవరించాలని ఆర్థికవేత్తలు కోరుతుంటారు.