తక్కువ పడిన బిల్లు: డెబిట్ నోటుతో రెండు ఖాతాల్లో మారేదేమిటి?

సరుకు వెళ్లిపోయింది. బిల్లు ఇచ్చేశారు. కొన్నవారు దాన్ని తమ లెక్కల్లో ఎక్కించుకున్నారు. కొన్ని వారాలకు, ఒప్పుకున్న ధర కంటే బిల్లులో తక్కువ పడిందని అమ్మిన వ్యాపారికి తెలిసింది. అప్పుడు చాలామందికి రెండు ఆలోచనలు వస్తాయి. పాత బిల్లు రద్దు చేసి కొత్తది రాద్దామన్నది ఒకటి, తేడాను వచ్చే బిల్లులో కలిపేద్దామన్నది మరొకటి. రెండూ చిక్కులు తెచ్చేవే. పాత బిల్లు అప్పటికే జీఎస్టీ రిటర్నులోకి వెళ్లింది, దాని మీద కొన్నవారు పన్ను క్రెడిట్ కూడా తీసుకున్నారు. తేడాను వచ్చే బిల్లులో కలిపితే ఆ బిల్లులోని ధర కూడా తప్పుగా మారుతుంది.

దీనికి చట్టం చూపిన మార్గం డెబిట్ నోటు. బిల్లులో సరుకు విలువ గానీ పన్ను గానీ ఉండాల్సిన దానికంటే తక్కువ పడితే, అమ్మిన వ్యాపారి డెబిట్ నోటు ఇవ్వాలని 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టంలోని 34(3) సెక్షన్ చెబుతోంది.

మన బజార్లలో డెబిట్ నోటు అనగానే చాలామందికి గుర్తొచ్చేది వేరే కాగితం. సరుకు తిరిగి పంపేటప్పుడు కొన్నవారు అమ్మినవారికి ఇచ్చేది అది. దాన్ని రాసుకోవడంలో తప్పులేదు కానీ జీఎస్టీ లెక్కలో దానికి విలువ ఉండదు. ఆ చట్టం కింద డెబిట్ నోటైనా క్రెడిట్ నోటైనా ఇవ్వాల్సింది సరుకు అమ్మినవారే.

ఒక లావాదేవీని దగ్గర నుంచి చూద్దాం

విజయవాడలో ఒక ఇనుము హోల్‌సేలర్, గుంటూరులో ఒక డీలర్ ఉన్నారనుకుందాం. 2025 ఫిబ్రవరి 18న 10 టన్నుల టీఎంటీ కడ్డీలు టన్ను రూ. 58,000 చొప్పున అమ్మడానికి ఒప్పందం కుదిరింది. బిల్లు కొట్టిన గుమాస్తా కంప్యూటర్లో ఉన్న పాత ధర రూ. 55,000 వేశాడు. కాబట్టి సరుకు విలువ రూ. 5,50,000, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ. 99,000, మొత్తం రూ. 6,49,000 అని బిల్లు తయారైంది. అసలు పడాల్సింది రూ. 5,80,000 మీద రూ. 1,04,400 పన్నుతో కలిపి రూ. 6,84,400.

ఏప్రిల్ నెలలో, సంవత్సరాంతపు లెక్కలు సరిచూసే సమయంలో ఈ తప్పు బయటపడింది. ఏప్రిల్ 22న హోల్‌సేలర్ రూ. 35,400కు డెబిట్ నోటు ఇచ్చారు. అందులో ధర తేడా రూ. 30,000. మిగతా రూ. 5,400 పన్ను. ఇద్దరూ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు కాబట్టి ఆ పన్ను సీజీఎస్టీ రూ. 2,700, ఎస్జీఎస్టీ రూ. 2,700గా విడిపోతుంది.

నోటు మీద డెబిట్ నోటు అని స్పష్టంగా ఉండాలి. దానికి సొంత వరుస నంబరు, తేదీ, ఇద్దరి జీఎస్టీ నంబర్లు, విలువ తేడా, పన్ను రేటు, పన్ను మొత్తం, సంతకం ఉండాలి. వీటితోపాటు ఏ బిల్లును సరిదిద్దుతున్నారో దాని నంబరు, తేదీ తప్పనిసరిగా వేయాలి. ఈ నోటు ఏ సరుకుకు సంబంధించినదో రేపు ఆడిటర్ అడిగితే చూపించగలిగేది అదే. ఏడాది పొడవునా ఒకే ధర తప్పుగా పడి ఉంటే, ఆ బిల్లులన్నిటికీ కలిపి ఒకే నోటు ఇచ్చే వీలు కూడా ఉంది. హోల్‌సేలర్ టర్నోవరు 5 కోట్లు దాటి ఈ-ఇన్వాయిస్ పరిధిలో ఉంటే, డెబిట్ నోటును కూడా ఆ పోర్టల్‌లోనే నమోదు చేయించాలి.

ఇద్దరి పుస్తకాల్లో ఇలా

హోల్‌సేలర్ పుస్తకంలో గుంటూరు డీలర్ ఖాతాకు రూ. 35,400 డెబిట్ పడుతుంది, అంటే డీలర్ నుంచి రావాల్సిన బాకీ అంత పెరుగుతుంది. అమ్మకాల ఖాతాకు రూ. 30,000 క్రెడిట్ అవుతుంది. మిగతా రూ. 5,400 ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను ఖాతాలో చేరుతుంది. ఆయనకు లాభంగా మిగిలేది ఆ 30,000 మాత్రమే.

డీలర్ పుస్తకంలో ఇదే సొమ్ము ఎదురు వైపున కనిపిస్తుంది. కొనుగోళ్ల ఖాతాకు రూ. 30,000, ఇన్‌పుట్ పన్ను ఖాతాలకు రూ. 5,400 డెబిట్ చేసి, విజయవాడ పార్టీ ఖాతాకు రూ. 35,400 క్రెడిట్ చేస్తారు. అంటే డీలర్ చెల్లించాల్సిన బాకీ పెరిగింది.

తరచుగా పొరపాటు జరిగేది ఇక్కడే. కాగితం మీద డెబిట్ నోటు అని ఉండటంతో డీలర్ గుమాస్తా దాన్ని తన డెబిట్ నోటులా ఎక్కిస్తాడు. అలా ఎక్కిస్తే విజయవాడ పార్టీ ఖాతా డెబిట్ అయి, బాకీ పెరగాల్సింది పోయి తగ్గుతుంది. హోల్‌సేలర్ పుస్తకంలో రావాల్సింది రూ. 6,84,400 అని ఉంటే, డీలర్ పుస్తకంలో ఇవ్వాల్సింది రూ. 6,13,600 అని కనిపిస్తుంది. తేడా రూ. 70,800, నోటు మొత్తానికి సరిగ్గా రెట్టింపు. ఖాతాలు సరిపోల్చినప్పుడు తేడాను రెండుతో భాగిస్తే ఏదైనా నోటు మొత్తం వచ్చిందంటే, అది తప్పు వైపు పడిందని అనుమానించాలి. తేడా నోటు మొత్తానికి సమానంగా ఉంటే, అవతలివారు దాన్ని అసలు ఎక్కించనే లేదన్నమాట.

డీలర్‌కు అసలు దెబ్బ ఎక్కడ?

పన్ను విషయంలో డీలర్‌కు నష్టం లేదు. కట్టాల్సిన రూ. 5,400ను తన అమ్మకాల పన్నులో సర్దుకుంటారు. మామూలు జీఎస్టీ డీలర్‌కు ఆ సొమ్ము చేతులు మారుతుందే తప్ప ఖర్చుగా మిగలదు. కాంపోజిషన్ స్కీములో ఉన్న వ్యాపారికి మాత్రం ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. ఆయనకు రూ. 35,400 మొత్తం సరుకు ఖర్చే అవుతుంది.

అసలు దెబ్బ ఆ రూ. 30,000 దగ్గర ఉంది. మార్చి 31 నాటికి డీలర్ 10 టన్నుల్లో 6 టన్నులు అమ్మేశారనుకుందాం. టన్ను రూ. 60,000కు అమ్మి, తనకు రూ. 5,000 మిగిలిందనుకున్నారు. నిజంగా మిగిలింది రూ. 2,000. అమ్మేసిన 6 టన్నుల వాటాగా తేడాలో రూ. 18,000 నేరుగా లాభంలోంచి పోతుంది, ఆ సొమ్మును తన ఖాతాదారుల నుంచి రాబట్టుకునే దారి దాదాపు ఉండదు. గోదాములో ఉన్న 4 టన్నుల వాటా రూ. 12,000 మాత్రం నిల్వ సరుకు విలువలో చేరుతుంది. ఆ కడ్డీలకు ఇప్పుడు అసలు ధర టన్నుకు రూ. 58,000 అని తెలుసు కాబట్టి అమ్మే ధర మార్చుకోవచ్చు. అందుకే డెబిట్ నోటు ఎన్ని రోజులు ఆలస్యమైతే కొన్నవారికి అంత నష్టం. సరుకు ఇంకా గోదాములో ఉండగా వచ్చిన నోటు, సరుకంతా అమ్ముడయ్యాక వచ్చిన నోటు ఒకటి కావు.

సంవత్సరం మారితే

మన ఉదాహరణలో అమ్మకం 2024-25లో జరిగింది, నోటు 2025-26లో వచ్చింది. ఇక్కడ పన్ను లెక్క, ఖాతాల లెక్క వేర్వేరు దారుల్లో నడుస్తాయి.

జీఎస్టీలో నోటు ఇచ్చిన నెలే ప్రమాణం. హోల్‌సేలర్ దాన్ని ఏప్రిల్ నెల జీఎస్టీఆర్-1లో చూపుతారు. అక్కడ చూపాకే అది డీలర్ జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తుంది, కనిపిస్తేనే డీలర్‌కు క్రెడిట్ వస్తుంది. నోటు చేతిలో ఉంది కదా అని క్రెడిట్ తీసుకోవడానికి వీల్లేదు. క్రెడిట్ గడువుకు కూడా ఇప్పుడు నోటు తేదీయే ఆధారం. 2021 జనవరి 1కి ముందు అసలు బిల్లు ఏ సంవత్సరానిదో చూసేవారు. దాంతో ఆలస్యంగా వచ్చిన నోటు మీద క్రెడిట్ చేజారేది. ఇప్పుడు ఈ ఏప్రిల్ నోటు 2025-26కు చెందుతుంది కాబట్టి 2026 నవంబరు 30 వరకు, లేదా ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను వేసేంతవరకు, రెండింటిలో ఏది ముందైతే అప్పటిదాకా క్రెడిట్ తీసుకోవచ్చు.

ఖాతాల్లో మాత్రం ఆ రూ. 30,000 అమ్మకం జరిగిన సంవత్సరానికి చెందుతుంది. 2024-25 లెక్కల మీద ఇంకా సంతకాలు కాలేదు కాబట్టి హోల్‌సేలర్ మార్చి 31 నాటికే దాన్ని రావాల్సిన ఆదాయంగా చూపాలి. డీలర్ కూడా అదే తేదీకి కొనుగోళ్లు, నిల్వ విలువ, బాకీ సరిచేసుకోవాలి. దీనివల్ల ఆ ఏడాది పుస్తకాల టర్నోవరుకు, రిటర్నుల టర్నోవరుకు రూ. 30,000 తేడా వస్తుంది. అది తప్పు కాదు, వార్షిక రిటర్నులో వివరించి సరిపోల్చాల్సిన తేడా. సంతకాలు అయిపోయాక తప్పు బయటపడితే, దాన్ని గత సంవత్సరపు అంశంగా ఈ ఏటి లెక్కల్లో విడిగా చూపుతారు.

డెబిట్ నోటు ఇవ్వడానికి చట్టం గడువేమీ పెట్టలేదు. క్రెడిట్ నోటుకు మాత్రం ఉంది. అలాగని ఆలస్యం చేయడం మంచిది కాదు. పన్ను ఫిబ్రవరిలోనే రావాల్సిందని భావిస్తే, అధికారులు మధ్య కాలానికి ఏటా 18 శాతం చొప్పున వడ్డీ అడగవచ్చు.

కొన్నవారు ఒప్పుకోకపోతే

డెబిట్ నోటు వచ్చినంత మాత్రాన బాకీ రుజువైనట్టు కాదు. ధర రూ. 55,000కే మాట్లాడుకున్నామని డీలర్ అనవచ్చు. అప్పుడు పనికొచ్చేది కొనుగోలు ఆర్డరు, ధర ఖాయం చేసిన వాట్సాప్ సందేశం, ఆ రోజు ఇతరులకు వేసిన బిల్లులు. నోటుతో పాటే వీటి నకళ్లు పంపితే సగం తగాదా అక్కడే తీరుతుంది. ఒప్పుకోని డీలర్ 2024 అక్టోబరు నుంచి జీఎస్టీ పోర్టల్‌లో వచ్చిన ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టంలో ఆ నోటును తిరస్కరించవచ్చు, లేదా తేలేదాకా పెండింగులో పెట్టవచ్చు. ఏమీ చేయకుండా వదిలేస్తే మాత్రం ఒప్పుకున్నట్టే లెక్క. హోల్‌సేలర్ వైపు నుంచి చూస్తే, ఏప్రిల్ రిటర్నుతో ఆ రూ. 5,400 పన్ను ఆయన కట్టేసి ఉంటారు. డీలర్ ససేమిరా అంటే, ధర తేడా రాకపోవడమే కాకుండా ఆ పన్ను కూడా తన జేబులోంచి పోయినట్టవుతుంది. అందుకే ఫోనులో మాట్లాడి తేడాను ఒప్పించుకున్నాకే నోటు కొట్టడం ఇద్దరికీ మేలు.