పెండింగ్ 58... అందులో ఇవాళ్టి పని ఎంత?

ఆన్‌లైన్‌లో పచ్చళ్లు, పొడులు అమ్మే గోడౌన్‌కి సోమవారం ఉదయం బరువైనది. ఆదివారం కొరియర్ బండి రాదు, ఆర్డర్లు మాత్రం వస్తూనే ఉంటాయి. విజయవాడ శివార్లలో అలాంటి చిన్న గోడౌన్ ఒకటి ఉందనుకుందాం. అరల్లోంచి సరుకు తీసేవారు ఒకరు, ప్యాక్ చేసేవారు ఒకరు, లెక్క చూసుకునే సూపర్‌వైజర్ ఒకరు. తొమ్మిదింటికి కంప్యూటర్ తెరిస్తే పెండింగ్ ఆర్డర్లు 58. మధ్యాహ్నం మూడింటికి కొరియర్ వస్తుంది.

‘58 పెండింగ్ సార్’ అని ఓనరుకు మెసేజ్ పెట్టేసి పనిలో దిగడం చాలాచోట్ల అలవాటు. ఆ అంకె తప్పు కాదు. కానీ అది చదివి ఓనరు చేయగలిగిందేమీ లేదు.

సూపర్‌వైజర్ మొదట పక్కన పెట్టాల్సినవి, డబ్బు ఇంకా అందని ఆర్డర్లు. యూపీఐ మధ్యలో ఆగిపోయినవి 9 ఉన్నాయి. వాటికి సరుకు తీస్తే అది బుట్టలోనే ఉండిపోతుంది, డబ్బు కట్టినవాళ్లకు దొరకదు. మిగిలిన 49ని తేదీల వారీగా, పాతవి పైకి వచ్చేలా పేర్చాలి. శని, ఆదివారాల్లో వచ్చినవి 41. శుక్రవారానివి 6. బుధవారానివి 2.

అసలు తనిఖీ ఈ ఎనిమిది పాత ఆర్డర్ల దగ్గరే. కొత్తవి తమ వంతు కోసం ఆగాయి, పాతవి ఏదో కారణంతో ఆగాయి. ఆ కారణం కంప్యూటర్‌లో దొరకదు, లేచి వెళ్లి చూడాలి.

శుక్రవారం ఆర్డర్లు ఆరింటిలో నాలుగు గోడౌన్‌లోనే లేవు. శనివారం కొరియర్ అబ్బాయి సంతకం పెట్టిన కాగితంలో వాటి నంబర్లున్నాయి. హడావుడిలో స్కాన్ చేయడం మరిచిపోయారంతే. ఆ కాగితం చూడకపోతే అవే మళ్లీ ప్యాక్ అయి, ఒకే ఇంటికి రెండుసార్లు వెళ్లేవి. మిగతా రెండూ పెద్ద అట్టపెట్టెలు అయిపోయి ఆగాయి. పెట్టెలు పదకొండింటికి వస్తాయి.

బుధవారంవి రెండూ అరకిలో గోంగూర సీసా కోసం ఆగాయి. కంప్యూటర్ ఐదు సీసాలున్నాయంటోంది, అర ఖాళీగా ఉంది. వెతికితే మూడు సీసాలు నూనె కారి మూలన ఉన్నాయి. రెండు గుమ్మం దగ్గరికొచ్చి కొనుక్కున్నవాళ్లకు ఇచ్చారు, చేతి బిల్లు బుక్కులో రాసుంది. రెండూ కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. కాబట్టి వెంటనే స్టాకును సున్నా చేయాలి. లేదంటే లేని గోంగూర వెబ్‌సైట్‌లో ఇంకా అమ్ముడవుతూనే ఉంటుంది. ఈ ఒక్క పని రిపోర్టు రాసేదాకా కూడా ఆగకూడదు.

ఇక ఆ 41. ఒక్కొక్కటి విప్పి చూడనక్కర్లేదు. అన్నిటికీ కలిపి ఏ సరుకు ఎన్ని కావాలో ఒకే పట్టీ తీసి, అరల్లో ఉన్నదానితో సరిచూస్తే చాలు. కిలో ఆవకాయ సీసాలు 23 కావాలంటే, అరలో 23 కళ్లారా కనబడాలి. లోటు ఉదయమే తెలిస్తే వంటశాలకు ఫోన్ చేసే వ్యవధి ఉంటుంది. రెండింటికి తెలిస్తే ఏమీ చేయలేరు.

ఇప్పుడు టైము లెక్క. ఇవాళ వెళ్లాల్సినవి 41, పెట్టెల కోసం ఆగిన 2, మొత్తం 43. గాజు సీసాలకు బబుల్ షీట్ రెండు చుట్లు చుట్టి, మూతకు టేపు వేసి, పెట్టె మూసి, లేబుల్ అంటించేసరికి ఒక్కో ఆర్డరుకు ఎనిమిది నిమిషాలు పడుతుంది. తొమ్మిదిన్నర నుంచి మూడింటిదాకా, భోజనం అరగంట తీసేస్తే ఉన్నవి 300 నిమిషాలు. ఒక మనిషి ప్యాక్ చేయగలిగేవి 37. ఆరు మిగిలిపోతాయి. ఈ సంగతి తొమ్మిదిన్నరకే చెప్పడం కోసమే ఈ తనిఖీ అంతా.

అప్పుడు ఓనరుకు వెళ్లాల్సిన మెసేజ్ ఇలా ఉంటుంది:

‘సార్, ఇవాళ పంపాల్సినవి 43. ఒక్కరే ప్యాక్ చేస్తే మూడింటికి 37 అవుతాయి, ఆదివారం రాత్రి వచ్చిన 6 రేపటికి ఉంటాయి. పన్నెండు నుంచి ఇంకో మనిషిని పంపితే అన్నీ వెళ్తాయి. గోంగూర అరకిలో లేదు, స్టాక్ సున్నా చేశాను. బుధవారం ఆర్డర్లు 2 దానికోసమే ఆగాయి. పావుకిలోవి రెండేసి పంపమంటారా, డబ్బు వాపసు ఇద్దామా? పదకొండు లోపు చెప్పండి, కస్టమర్లకు ఫోన్ చేస్తాను. శుక్రవారంవి 4 వెళ్లిపోయాయి, స్కాన్ సరిచేశాను.’

ఇందులో 58 ఎక్కడా లేదు. డబ్బు అందని తొమ్మిదీ లేవు, వాటితో గోడౌన్‌కి ఇవాళ పని లేదు కాబట్టి. ఓనరు తేల్చాల్సినవి రెండే: మనిషి, గోంగూర. రెండింటికీ గడువుంది. ‘త్వరలో’, ‘చూస్తున్నాం’ లాంటి మాటలకు గోడౌన్ రిపోర్టులో చోటు ఇవ్వకూడదు. అవి చదివినవాళ్లకు ఎప్పటిలోగా ఏం తేల్చాలో తెలియదు.

ఈ మెసేజ్‌లను చెరిపేయకుండా ఉంచుకోవడం మంచిది. మూడు నాలుగు వారాలవి పక్కపక్కన పెడితే, స్టాకు తేడా ప్రతిసారీ గుమ్మం దగ్గరి అమ్మకాల వల్లే వస్తోందని తేలవచ్చు. అప్పుడు ఆ బిల్లు బుక్కును తీసేసి, చేతి అమ్మకాన్ని కూడా కంప్యూటర్‌లోనే కొట్టించాల్సి ఉంటుంది.