తెలుగు తెరమీద ఇంగ్లీషు మాటలు

ఇంటర్వెల్, క్లైమాక్స్, డబ్బింగ్, కామియో అనే మాటలు తెలుగువాళ్లకు ఇంగ్లీషు నుంచే వచ్చాయి. అయితే సినిమా వాళ్ల చేతుల్లో, ప్రేక్షకుల నోళ్లలో నలిగేసరికి వాటి అర్థాలు చాలావరకు జరిగిపోయాయి. లండన్ నాటకశాలలో ఇంటర్వెల్ అన్నా, హైదరాబాద్ థియేటర్‌లో ఇంటర్వెల్ అన్నా పైకి ఒకటే మాట, లోపల సరుకు వేరు.

బ్రిటన్‌లో నాటకం మధ్య విరామాన్ని ఇంటర్వెల్ అంటారు. అమెరికాలో దాన్నే ఇంటర్‌మిషన్ అంటారు. ‘గాన్ విత్ ది విండ్’ (1939), ‘బెన్‌హర్’ (1959) లాంటి పెద్ద నిడివి సినిమాలకు అక్కడా విరామం ఉండేది. తరవాత ఆ అలవాటు దాదాపు పోయింది. మన దగ్గర అది నిలిచిపోవడానికి సినిమాల నిడివి ఒక కారణం. 35 ఎం.ఎం. ఫిల్ములో వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు ఆడుతుంది. పదహారు రీళ్ల సినిమా అంటే మూడు గంటలకు కాస్త తక్కువ. ఒకే ప్రొజెక్టరు ఉన్న టూరింగ్ టాకీసులో రీళ్లు మార్చడానికి ఆట ఒకటికి నాలుగుసార్లు ఆగేది. రెండు ప్రొజెక్టర్లున్న హాళ్లలో ఆ ఇబ్బంది తప్పినా, నడుమ ఒక్క విరామం మాత్రం మిగిలింది. పాత సినిమాల్లో తెరమీద ‘విశ్రాంతి’ అని పడేది ఇక్కడే.

తరవాత ఆ విరామమే కథ రాసే పద్ధతిని మార్చేసింది. తెలుగు రచయిత కథను ఫస్టాఫ్, సెకండాఫ్ అని రెండు ముక్కలుగా ఆలోచిస్తాడు. మొదటి ముక్క చివర ప్రేక్షకుడు టీ తాగుతూ కూడా మాట్లాడుకునే మలుపు ఒకటి ఉండాలి. దాని పేరు ఇంటర్వెల్ బ్యాంగ్. ఇంగ్లీషు మాటలే అయినా ఇంగ్లీషువాళ్లకు తెలియని పదబంధం ఇది. ‘బాహుబలి 2’ (2017) ఇంటర్వెల్ ఘట్టం దీనికి మంచి నమూనా. పట్టాభిషేకం భల్లాలదేవుడిది. సేనాధిపతిగా ప్రమాణం చేసేది బాహుబలి. జనం హోరెత్తేది మాత్రం రాజుకోసం కాదు, సేనాధిపతికోసం. రాజెవరో తేలిపోయింది, ఇద్దరి మధ్య వైరం మాత్రం మొదలైంది. సరిగ్గా అక్కడ లైట్లు వెలుగుతాయి. ఇలాంటి ఏర్పాటు లేని హాలీవుడ్ సినిమాకు మన థియేటర్లో ఇంటర్వెల్ ఇస్తే ఏమవుతుందో చూసినవాళ్లకు తెలుసు: సన్నివేశం నడుమ, ఒక్కోసారి మాట నడుమే బొమ్మ ఆగిపోతుంది.

క్లైమాక్స్ కథ ఇంకాస్త వింతగా ఉంటుంది. గ్రీకులో ఈ మాటకు నిచ్చెన అని అర్థం. జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ 1863లో అయిదంకాల నాటకాన్ని పిరమిడ్ ఆకారంలో వివరించాడు. అందులో శిఖరం మూడో అంకంలో, అంటే నాటకం నడుమ వస్తుంది. ఆ తరవాత కథ దిగుతూ ముగింపుకు చేరుతుంది. తెలుగు సినిమాలో క్లైమాక్స్ అంటే ఆఖరి పోరాటం, దాన్ని అంటుకుని ఉన్న చివరి రీళ్లు. దిగడానికి వ్యవధి ఉండదు, విలన్ పడగానే ‘శుభం’ కార్డు పడేది. దానికి ముందు భాగానికి ప్రీక్లైమాక్స్ అని పేరు.

పత్రికలవాళ్లు క్లైమాక్స్‌ను ‘పతాక సన్నివేశం’ అని రాస్తారు. జెండా ఎత్తున ఎగురుతుంది గనక మాట అతికినట్టే ఉంటుంది. కానీ సంస్కృత నాటకశాస్త్రంలో పతాక అంటే వేరు. ప్రధాన కథకు తోడుగా చాలా దూరం నడిచే ఉపకథ అది. రాముడి కథలో సుగ్రీవుడి కథ అలాంటిది. అన్ని పోగులూ ఒకచోటికి చేరే ముగింపు భాగానికి ఆ శాస్త్రం పెట్టిన పేరు నిర్వహణ సంధి. మన క్లైమాక్స్‌కు అసలు సరిపోయే పాత మాట అదే. పాపం, నిర్వహణ అనే మాటను ఈలోగా ఆఫీసులు పట్టుకుపోయాయి.

తెలుగులో ఎక్కువ పని చేస్తున్న మాట డబ్బింగ్. ఇంగ్లీషులో డబ్ అనేది డబుల్ నుంచి పుట్టింది. అక్కడ మామూలుగా డబ్బింగ్ అంటే ఒక భాష సినిమాకు ఇంకో భాష గొంతులు పెట్టడం. తెలుగులో నటుడు తన పాత్రకు తానే స్టూడియోలో మళ్లీ మాటలు చెప్పినా డబ్బింగే, అతడి బదులు ఇంకొకరు చెప్పినా డబ్బింగే. అందుకే మనవాళ్లు ‘డబ్బింగ్ చెప్పడం’ అంటారు. షూటింగులో కెమెరా చప్పుడు, జనం గోల కలిసిపోయి రికార్డయిన మాటలు పనికిరావు. వాటిని గుర్తు కోసం ఉంచుకుని, అసలు మాటలు తరవాత స్టూడియోలో చెప్పిస్తారు. ఫిల్ము రోజుల్లో సన్నివేశాన్ని చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క రెండు కొసలూ అతికించి వలయంలా తిప్పేవారు. దాన్ని లూప్ అనేవారు. మాట పెదవులకు కుదిరేదాకా ఆ ముక్కే తెరమీద మళ్లీ మళ్లీ వచ్చేది.

పరభాషా సినిమాకైతే కష్టం రచయిత దగ్గరే మొదలవుతుంది. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి. క్లోజప్‌లో ఆ మూత దాచినా దాగదు. హిందీ పాత్ర ‘మత్ మారో’ అందనుకుందాం. అర్థం ప్రకారం ‘కొట్టొద్దు’ అని రాస్తే తెరమీద పెదవులు రెండుసార్లు మూసుకుంటాయి, వినిపించే మాటలో ఒక్కసారీ మూసుకోవు. ‘మానుకో’ అంటే మొదటి మూత, చివర గుండ్రంగా తెరిచిన నోరు కుదురుతాయి, నడుమ మూత ఒకటి తప్పిపోతుంది. ‘బాబూ, వద్దు’ అంటే రెండు మూతలూ పడతాయి, చివర నోరూ గుండ్రంగానే ఉంటుంది. ఒక అక్షరం ఎక్కువైంది గనక చెప్పేవాళ్లు కాస్త వేగంగా అనాలి. ఎదుటివాడు బాబూ అని పిలవదగ్గవాడేనా అన్నది ఇంకో పేచీ. పాత్ర వెనక్కి తిరిగి ఉంటే ఈ తంటా ఏదీ లేదు, హాయిగా ‘కొట్టొద్దు’ అనే రాసుకోవచ్చు.

ఈ పనికి తెలుగులో మొదట కలం పట్టినవాడు శ్రీశ్రీ. 1950లో వచ్చిన ‘ఆహుతి’ తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రం. హిందీ ‘నీరా ఔర్ నందా’కు అది తెలుగు రూపం. గొంతుల సంగతికొస్తే, గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కమల్‌హాసన్ తమిళ చిత్రాలెన్నిటికో తెలుగు గొంతు అయ్యారు. డబ్బింగ్ సినిమాలు పెరిగాక, అది కానిదాన్ని వేరుగా చెప్పాల్సి వచ్చి ‘స్ట్రెయిట్ సినిమా’ అనే మాట పుట్టింది. తెలుగు పోస్టర్లకు, పంపిణీదారులకు తప్ప ఈ అర్థం బయట ఎవరికీ తెలియదు.

పక్కనే ఉండే రీరికార్డింగ్‌దీ ఇదే తీరు. ఇంగ్లీషులో అది మాటలు, చప్పుళ్లు, సంగీతం అన్నీ కలిపి తుది శబ్దం తయారుచేసే పని. తెలుగులో ‘రీరికార్డింగ్ అదిరింది’ అంటే మెచ్చుకున్నది నేపథ్య సంగీతాన్ని.

కామియో ఆలస్యంగా వచ్చిన మాట. మొదట అది రంగుపొరల రాయిమీద చెక్కిన చిన్న బొమ్మ. పేరున్న నటుడు కాసేపు కనిపించే చిన్న పాత్రకు ఆ పేరు బాగా వ్యాపించింది ‘అరౌండ్ ది వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్’ (1956) సినిమాతో. తెలుగులో అప్పటికే అతిథి పాత్ర, గెస్ట్ రోల్ ఉన్నాయి. ఇప్పుడు ఈ రెంటికీ సన్నని తేడా కనిపిస్తోంది. గెస్ట్ రోల్ సంగతి పోస్టర్‌మీద వేసుకుంటారు, కామియోను వీలైనంతవరకు దాస్తారు. ‘మనం’ (2014) చివర అఖిల్ అక్కినేని తెరమీదికి వచ్చింది అలాంటి కామియోతోనే. అతను హీరోగా చేసిన తొలి సినిమా ఆ మరుసటి ఏడాది విడుదలైంది.