సిగ్నల్ ఫుల్లు, నెట్టు నత్తనడక

ఫోన్ తెర మీద కనిపించే వైఫై గీతలు ఇంటర్నెట్ వేగాన్ని చెప్పవు. ఫోన్ ఏ పరికరానికి కనెక్టయి ఉందో దాని తరంగాలు ఎంత బలంగా అందుతున్నాయో మాత్రమే చెబుతాయి. రౌటర్ ఒక్కటే ఉన్న ఇంట్లో ఈ తేడా అంతగా బయటపడదు. ఎక్స్‌టెండర్ వచ్చాక మాత్రం దారి రెండు అంచెలవుతుంది: రౌటర్ నుంచి ఎక్స్‌టెండర్‌కు ఒకటి, ఎక్స్‌టెండర్ నుంచి ఫోన్‌కు ఇంకొకటి. గీతలు చూపించేది రెండో అంచెను. నెట్ నత్తనడక నడిచే ఇళ్లలో లోపం చాలావరకు మొదటి అంచెలో ఉంటుంది, అది ఫోన్‌లో ఎక్కడా కనపడదు.

తక్కువ ధరలో దొరికే ఎక్స్‌టెండర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్‌జ్‌లో పనిచేసే రేడియో ఒక్కటే ఉంటుంది. ఒకే నోటితో కబురు మోసే మనిషిలాంటిదది. అవతలివాళ్లు చెప్పేది పూర్తిగా వినాలి, ఆ తర్వాతే ఇవతలివాళ్లకు చెప్పాలి. రౌటర్ పంపిన ప్రతి డేటా ముక్కా అదే ఛానెల్ మీద రెండుసార్లు గాలిలో ప్రయాణిస్తుంది. ఒకటి పోతున్నంతసేపు రెండోది ఆగాలి. అందుకే రెండు అంచెలూ ఎంత బాగున్నా ఫోన్‌కు చేరే వేగం సగానికి పడిపోతుంది. ఇది పరికరం చెడిపోవడం కాదు, దాని తయారీలోనే ఉన్న పరిమితి. పెట్టె మీద 300 ఎంబీపీఎస్ అని ముద్రించి ఉన్నా, అది రేడియో లెక్కల్లోని గరిష్ఠం. అసలు వాడకంలో అందేది అందులో చిన్న భాగమే.

సగమైతే చాలామంది సర్దుకుపోతారు. అసలు చిక్కు ఎక్స్‌టెండర్‌ను పెట్టే చోటుతో వస్తుంది. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్న ఒక ఇంటిని ఊహిద్దాం. రౌటర్ ముందు హాల్లో టీవీ పక్కన ఉంది. మధ్యలో భోజనాల గది, దాని వెనక పడకగది. రౌటర్ పక్కన నిలబడి 2.4 గిగాహెర్ట్‌జ్ మీద చూస్తే 80 ఎంబీపీఎస్ వస్తోంది. పడకగదిలో రెండు గోడలు, ఒక ఇనుప బీరువా దాటి వచ్చేసరికి 12 మిగులుతోంది. సిగ్నల్ అందనిది అక్కడే కదా అని ఎక్స్‌టెండర్‌ను పడకగది ప్లగ్‌లోనే పెట్టారు. ఫోన్‌లో గీతలు నిండుగా వచ్చాయి.

ఇప్పుడు 15 ఎంబీ వీడియో ఒకటి, అంటే 120 మెగాబిట్లు, దిగాలి. హాల్లోంచి ఎక్స్‌టెండర్‌కు రావడానికి 12 ఎంబీపీఎస్ లెక్కన 10 సెకన్లు పడుతుంది. అక్కడి నుంచి పక్కనే ఉన్న ఫోన్‌కు 80 చొప్పున ఒకటిన్నర సెకను. మొత్తం పదకొండున్నర సెకన్లు, అంటే పదిన్నర ఎంబీపీఎస్‌కు కాస్త తక్కువ. ఎక్స్‌టెండర్ లేనప్పుడు నేరుగా వచ్చిన 12 కన్నా ఇది తక్కువే! ఫోన్‌కు సరిగా వినపడని చోట ఎక్స్‌టెండర్‌కూ సరిగా వినపడదు. దాని యాంటెనాలు ఫోన్‌లో ఉన్నవాటికన్నా కొంత మెరుగైతే ఆ మేరకే లాభం.

అదే ఎక్స్‌టెండర్‌ను భోజనాల గదిలో, పడకగది తలుపుకు ఎదురుగా పెడితే మొదటి అంచెకు 50, రెండో అంచెకు 60 వచ్చాయనుకుందాం. అదే వీడియోకు 2.4 సెకన్లు, ఆపైన ఇంకో రెండు సెకన్లు, కలిపి 4.4 సెకన్లు. వేగం సుమారు 27 ఎంబీపీఎస్. ఫోన్‌లో గీత ఒకటి తగ్గింది, నెట్ మాత్రం రెండున్నర రెట్లు పెరిగింది. పైగా మొదటి అమరికలో ఇంకో నష్టం ఉంది. నత్తనడక నడిచే అంచె ఛానెల్‌ను ఎక్కువసేపు పట్టుకుని ఉంటుంది కాబట్టి, హాల్లో అదే 2.4 మీద ఉన్న టీవీ కూడా ఆగి ఆగి ఆడుతుంది. ఆ తప్పు టీవీ మీదికో కంపెనీ మీదికో పోతుంటుంది.

ఏ ఇంట్లో లోపం ఎక్కడుందో కనిపెట్టాలంటే ముందు రౌటర్ పక్కన స్పీడ్ టెస్ట్ చేయాలి. అక్కడే తక్కువ వస్తే ఎక్స్‌టెండర్‌ను తప్పుపట్టి లాభం లేదు. తర్వాత ఎక్స్‌టెండర్‌కు రెండు మీటర్ల దూరంలో, ఫోన్ దానికే కనెక్టయి ఉండగా మళ్లీ చేయాలి. రెండో సంఖ్య మొదటిదానిలో సుమారు సగం ఉంటే అమరిక బాగున్నట్టే, అది ఒకే రేడియో ఖరీదు. సగానికి బాగా దిగువన, ఐదో వంతో పదో వంతో ఉంటే చోటు తప్పు.

ఈ పోలికలో చాలామంది ఒకచోట పొరబడతారు. రౌటర్ దగ్గర ఫోన్ 5 గిగాహెర్ట్‌జ్ పట్టుకుని ఉండవచ్చు, ఎక్స్‌టెండర్ దగ్గర 2.4 పట్టుకుంటుంది. అప్పుడు పోలిక చెల్లదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఈ కమాండ్ ఇస్తే ఛానెల్ సంఖ్య తెలుస్తుంది:

```
netsh wlan show interfaces
```

`Channel` ఎదుట 1 నుంచి 13 లోపు ఉంటే 2.4, 36 నుంచి మొదలయ్యేవి 5. రెండు పరికరాలకూ ఒకే వైఫై పేరు ఉన్న ఇంట్లో, ల్యాప్‌టాప్ దేనికి కనెక్టయిందో `BSSID` వరుస చూసి తేల్చుకోవచ్చు.

రౌటర్‌కు పింగ్ కొట్టి చూడడం ఇంకో పరీక్ష. రౌటర్ చిరునామా చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది.

```
ping -n 20 192.168.1.1
```

ఈ పింగ్ ఇల్లు దాటిపోదు. హాల్లో రెండు మూడు మిల్లీసెకన్లు వచ్చి, ఎక్స్‌టెండర్ మీద ఒకసారి 8, ఒకసారి 150, మధ్యమధ్య `Request timed out` అని వస్తుంటే మొదటి అంచె తడబడుతోందని అర్థం. అదే పింగ్ నిలకడగా ఉండి బ్రౌజింగ్ మాత్రమే నెమ్మదిస్తే కారణం ఇంటి బయట వెతకాలి.

చోటు ఎంచుకోవడానికి కొలత ఇది: సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో చూపే ఉచిత యాప్‌లు ఆండ్రాయిడ్ ఫోన్లకు దొరుకుతాయి. ఎక్స్‌టెండర్‌ను తీసేసి, ఫోన్‌ను రౌటర్‌కే కనెక్ట్ చేసి, పెట్టదలచిన ప్లగ్ దగ్గర పట్టుకుని చూడాలి. అక్కడ మైనస్ 65 లేదా అంతకన్నా మెరుగ్గా, అంటే మైనస్ 60 వైపు, ఉండాలి. మైనస్ 75 అంటే ఆ ప్లగ్ పనికిరాదు. దారి సగాన అని చెప్పే సలహా ఖాళీ మైదానానికి సరిపోతుంది. ఇళ్లలో సగం దూరంలోనే కాంక్రీటు స్లాబో నిలువుటద్దమో ఫ్రిజ్జో అడ్డుపడవచ్చు, కాబట్టి అడుగుల లెక్క కన్నా డీబీఎం లెక్క నయం. గోడకు మూల కింద, సోఫా వెనక ఉన్న ప్లగ్ కన్నా, తలుపులు ఎదురెదురుగా ఉన్న వరుసలోని ప్లగ్ తరచూ మెరుగ్గా తేలుతుంది.

రెండు రేడియోలున్న డ్యూయల్ బ్యాండ్ ఎక్స్‌టెండర్ రౌటర్‌తో 5 మీద మాట్లాడుతూ ఫోన్‌కు 2.4 మీద అందించగలదు. అప్పుడు సగం కోత ఉండదు. అయితే 5 గిగాహెర్ట్‌జ్ గోడల్ని సరిగా దాటలేదు కనుక దాన్ని రౌటర్‌కు ఇంకాస్త దగ్గరగా పెట్టాలి. కొన్ని మోడళ్లు రెండు అంచెలకూ ఒకే బ్యాండ్ వాడుకుంటాయి. సెట్టింగుల్లో అది చూసి మార్చకపోతే రెండో రేడియో ఉన్నా ఫలితం దక్కదు.

మొదటి అంచెను గాలిలోంచి పూర్తిగా తీసేసే మార్గం లాన్ కేబుల్. చాలా ఎక్స్‌టెండర్లలో యాక్సెస్ పాయింట్ అనే మోడ్ ఉంటుంది. అందులో పెట్టి రౌటర్ నుంచి క్యాట్ 5ఈ వైరు లాగితే డేటా గాలిలో ఒక్కసారే ప్రయాణిస్తుంది. 100 మీటర్ల దాకా వైరుతో ఇబ్బంది లేదు, కాబట్టి పై పోర్షన్‌కు కూడా సరిపోతుంది. అయితే చౌక మోడళ్ల పోర్టు 100 ఎంబీపీఎస్ దాటదు, 300 ప్లాన్ ఉన్నవాళ్లు కొనేముందు గిగాబిట్ పోర్టు ఉందో లేదో చూసుకోవాలి. వైరు వేశాక రౌటర్‌ను 1వ ఛానెల్‌లో పెడితే దీన్ని 6 లేదా 11లో పెట్టాలి. ఒకే ఛానెల్‌లో వదిలేస్తే రెండూ మళ్లీ ఒకదాని కోసం ఒకటి ఆగుతూనే ఉంటాయి.