డబ్బు ఒకరి చేతిలో, పద్దు మరొకరి చేతిలో

వ్యాపారంలో ఏ లావాదేవీ అయినా పూర్తయ్యేలోగా నాలుగు పనులు జరుగుతాయి. ఒకరు దానికి అనుమతి ఇస్తారు. ఒకరు డబ్బునో సరుకునో చేతిలోకి తీసుకుంటారు. ఒకరు దాన్ని పుస్తకంలో రాస్తారు. చివరికి ఎవరో ఒకరు రాసినదాన్ని ఉన్నదానితో పోల్చి చూస్తారు. ఈ నాలుగు పనులూ ఒకే మనిషి దగ్గర పోగుపడకుండా పంచడాన్ని విధుల విభజన అంటారు. పెద్ద కంపెనీల్లో ఇందుకు వేర్వేరు విభాగాలే ఉంటాయి. నలుగురైదుగురు పనిచేసే హోల్‌సేల్ దుకాణంలో మాత్రం లెక్కల పనంతా సాధారణంగా ఒకే గుమాస్తా చూస్తాడు. వసూలు చేసేది, టాలీలో ఎక్కించేది, బ్యాంకులో కట్టేది, నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసేది అతనే. అలాంటి చోట తప్పు చేసిన మనిషీ, ఆ తప్పును పట్టుకోవాల్సిన మనిషీ ఒకరే అవుతారు.

దీనివల్ల ఏం జరుగుతుందో బాకీల వసూలులో స్పష్టంగా కనిపిస్తుంది. చిల్లర కొట్లకు అరువు మీద సరుకు వేసి, వారానికోసారి డబ్బు రాబట్టుకునే వ్యాపారాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అలాంటి ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణాన్ని ఊహించుకుని, ఒక తేడా ఎలా పుట్టి ఎలా దాగుతుందో అడుగడుగునా చూడవచ్చు.

పద్దెనిమిది వేల ప్రయాణం

నెల 3వ తేదీన మొదటి కొట్టు యజమాని 18,000 రూపాయల నగదు ఇచ్చాడు. గుమాస్తా ఆ డబ్బు సొంతానికి వాడుకున్నాడు, లేదా దారిలో పోగొట్టుకుని చెప్పడానికి భయపడ్డాడు. ఏదైనా ఫలితం ఒకటే. డబ్బు బ్యాంకుకు చేరలేదు, మొదటి కొట్టు ఖాతాలో జమ పడలేదు.

ఆ కొట్టువాళ్లు ఖాతా అడిగేలోగా దాన్ని సరిచేయాలి. 9వ తేదీన రెండో కొట్టు 25,000 చెల్లించింది. గుమాస్తా ఆ మొత్తాన్నీ బ్యాంకులో కట్టేశాడు. పుస్తకంలో మాత్రం 18,000 మొదటి కొట్టు పేర, మిగిలిన 7,000 రెండో కొట్టు పేర జమ రాశాడు. 16వ తేదీన మూడో కొట్టు 30,000 ఇస్తే, అందులో 18,000 రెండో కొట్టుకు, 12,000 మూడో కొట్టుకు వేశాడు. మొదటి రెండు ఖాతాలూ సరిపోయాయి. 18,000 రూపాయల లోటు ఇప్పుడు మూడో కొట్టు ఖాతాలోకి మారింది. వచ్చే వారం అది నాలుగో కొట్టుకు పోతుంది. అకౌంటింగ్‌లో ఈ మోసాన్ని ల్యాపింగ్ అంటారు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. 9వ తేదీన పుస్తకంలో జమ 25,000, బ్యాంకులోనూ 25,000. 16వ తేదీన రెండు చోట్లా 30,000. నెలాఖరున నగదు పుస్తకాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చితే పైసా తేడా రాదు. మొత్తాలు మాత్రమే చూసే యజమానికి లెక్కలు నిక్కచ్చిగా ఉన్నట్టే కనిపిస్తాయి. నిజానికి మూడు కొట్లూ కలిసి ఇచ్చింది 73,000, పుస్తకాల్లోకి వచ్చింది 55,000. ఆ తేడా నగదులో కాకుండా బాకీల జాబితాలో కూర్చుని ఉంటుంది. రావాల్సిన బాకీలు అసలు కంటే 18,000 ఎక్కువగా కనిపిస్తుంటాయి.

ఇలా తిప్పడం ఎల్లకాలం సాగదు కాబట్టి, చివరికి లోటును పూడ్చే పద్దు ఒకటి కావాలి. మూడో కొట్టు సరుకు వెనక్కి పంపిందని 18,000 రూపాయలకు క్రెడిట్ నోట్ రాస్తే చాలు. డిస్కౌంట్ కింద కొట్టేసినా, రాని బాకీగా రద్దు చేసినా అంతే. ఆ రోజుతో కథ ముగుస్తుంది. డబ్బు ముట్టుకునే మనిషికే బాకీ తగ్గించే అధికారం కూడా ఉండటం అందుకే అన్నిటికంటే ప్రమాదకరమైన కలయిక.

దురుద్దేశం లేని పొరపాటుకూ ఇదే దారి దొరుకుతుంది. ఒకే రకం పేర్లున్న రెండు కొట్లలో ఒకరి చెక్కును మరొకరి ఖాతాలో జమ చేయడం మామూలే. తాను రాసినదాన్ని తానే సరిచూసుకునే మనిషి అదే పొరపాటును రెండోసారీ సరైనదిగానే చదువుతాడు. తర్వాత కనిపించినా, యజమానికి చెప్పి మాట పడేకంటే ఒక సర్దుబాటు పద్దుతో సరిపెట్టేయడం సులువు.

నలుగురిలో పని పంచడం

ఇదే దుకాణంలో యజమాని, గుమాస్తా, లైన్ మీద తిరిగి వసూలు చేసే కుర్రాడు, గోడౌన్ చూసే మనిషి ఉన్నారనుకుందాం. కొత్తగా ఎవరినీ పెట్టుకోకుండానే పని పంచవచ్చు.

వసూలు కుర్రాడు వరుస నంబర్లు అచ్చువేసిన రసీదు పుస్తకంతో వెళ్తాడు. డబ్బు తీసుకున్న ప్రతిచోటా రసీదు ఇస్తాడు, కార్బన్ కాపీ పుస్తకంలో ఉంటుంది. సాయంత్రం డబ్బు యజమానికో, గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఇంటి మనిషికో అప్పగిస్తాడు. రసీదు పుస్తకం మాత్రం గుమాస్తాకు వెళ్తుంది. గుమాస్తా కాపీలు చూసి ఖాతాల్లో జమ రాస్తాడు, డబ్బు ముట్టుకోడు. వచ్చిన నగదులోంచి ఆటో ఖర్చులకూ, హమాలీ కూలికీ తీయకుండా మొత్తం మర్నాడు బ్యాంకులో కడతారు. చిల్లర ఖర్చులకు వేరే డబ్బు పెడతారు. వసూళ్లలోంచే ఖర్చులు పోతుంటే ఏ రోజు ఎంత కట్టాల్సిందో తేల్చడం కుదరదు.

సరుకు వాపసు వస్తే గోడౌన్ మనిషి స్లిప్పు రాస్తాడు. ఆ స్లిప్పు చూసి యజమాని సంతకం పెట్టాకే గుమాస్తా క్రెడిట్ నోట్ ఎక్కిస్తాడు. డిస్కౌంట్లకూ, రద్దు చేసే బాకీలకూ ఇదే పద్ధతి.

ఇప్పుడు అదే 18,000 కథను ఈ ఏర్పాటులో నడిపి చూడవచ్చు. కుర్రాడు రసీదు ఇచ్చి డబ్బు అట్టిపెట్టుకుంటే, ఆ సాయంత్రమే రసీదుల మొత్తానికీ అప్పగించిన నగదుకూ తేడా వస్తుంది. రసీదు ఇవ్వకుండా తీసుకుంటే, కొట్టు ఖాతాలో బాకీ అలాగే నిలుస్తుంది. నెలాఖరు ఖాతా కాగితం అందగానే ఆ కొట్టువాళ్లు అడుగుతారు. దాన్ని కప్పిపుచ్చడానికి పుస్తకం కుర్రాడి చేతిలో లేదు. గుమాస్తా జమలు అటూ ఇటూ రాయగలడు, కానీ అతని చేతిలో డబ్బు లేదు కాబట్టి దానివల్ల అతనికి ఒరిగేదేమీ లేదు. అది పొరపాటైతే అదే ఖాతా కాగితంతో బయటపడుతుంది.

ఈ ఏర్పాటు పనివాళ్లకూ రక్షణే. అందరూ గల్లాలో చెయ్యి పెట్టేచోట డబ్బు తగ్గితే అనుమానం అందరి మీదికీ పోతుంది. ఎవరి దగ్గరినుంచి ఎవరికి ఎంత చేరిందో కాగితం మీద ఉంటే, నిర్దోషి తన లెక్క చూపించి పక్కకు తప్పుకోగలడు.

ఇద్దరే ఉంటే

యజమాని, గుమాస్తా మాత్రమే ఉన్నచోట నాలుగు పనులూ పూర్తిగా విడదీయడం కుదరదు. అప్పుడు యజమాని తన సమయాన్ని ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. చాలామంది ప్రతి వోచరు మీదా సంతకం పెట్టి అదే పర్యవేక్షణ అనుకుంటారు. అంతకంటే, పోల్చి చూసే పని యజమాని తన దగ్గర పెట్టుకోవడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

బ్యాంకు స్టేట్‌మెంట్ గుమాస్తా ప్రింటు తీసి ఇచ్చింది కాకుండా, తన ఫోన్లో తానే తెరిచి చూడాలి. వారంలో ఏదో ఒక రోజును ముందు చెప్పకుండా ఎంచుకుని, ఆ రోజు రసీదు కాపీలను, ఖాతాల్లో పడ్డ జమలను, బ్యాంకులో కట్టిన సొమ్మును పక్కపక్కన పెట్టాలి. మొత్తాలతో ఆగకుండా పేర్లు, తేదీలు కూడా చూడాలి. రెండో కొట్టు 25,000 చెక్కుగానో యూపీఐలోనో ఇచ్చి ఉంటే బ్యాంకులో ఒకే పేరుతో ఒకే మొత్తం కనిపిస్తుంది, పుస్తకంలో మాత్రం అది రెండు ఖాతాలకు చీలి ఉంటుంది. ల్యాపింగ్ అక్కడే దొరుకుతుంది. నగదుకు అలాంటి జాడ ఉండదు. కాబట్టి రసీదు తేదీకీ జమ తేదీకీ మధ్య రోజులు గడుస్తున్నాయా, ఎప్పుడూ బిల్లు మొత్తం కట్టే కొట్టు ఖాతాలో ముక్కలుగా జమలు పడుతున్నాయా అని చూడాలి. అప్పుడప్పుడు కొన్ని కొట్లకు యజమానే ఫోన్ చేసి బాకీ ఎంతో అడిగితే మరీ మంచిది.

చెల్లింపుల్లోనూ సూత్రం ఇదే. గుమాస్తా నెట్ బ్యాంకింగ్‌లో చెల్లింపు సిద్ధం చేయవచ్చు, ఆమోదం మాత్రం యజమాని లాగిన్ నుంచే జరగాలి. ఓటీపీ ఫోన్లో చదివి చెప్పడం, ఊరికి వెళ్తూ ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి పోవడం ఈ విభజనను పేరుకే మిగుల్చుతాయి. టాలీలో అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడినా అంతే, ఏ పద్దు ఎవరు మార్చారో తేలదు. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ నమోదు చేసి తీరాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇది కంపెనీల చట్టం కింద వచ్చింది కాబట్టి సొంత వ్యాపారాలకూ, మామూలు భాగస్వామ్య సంస్థలకూ వర్తించదు. అయినా ఆ సౌకర్యం ఉన్న వెర్షన్ వాళ్లూ వాడుకోవచ్చు.

సెలవు చేసే పని

లోటును వారం వారం తిప్పాల్సిన మనిషి సెలవు పెట్టలేడు. కొన్ని రోజులు వేరొకరు ఆ కుర్చీలో కూర్చుంటే తిప్పుడు ఆగిపోతుంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డిక్సన్ అనే చిన్న పట్టణంలో ఇదే జరిగింది. అక్కడి మున్సిపల్ ఆర్థిక అధికారిణి రీటా క్రండ్‌వెల్ 1990 నుంచి 2012 వరకు 5 కోట్ల 30 లక్షల డాలర్లకు పైగా సొంతానికి మళ్లించింది. ఏటేటా ఆడిట్లు జరిగినా బయటపడలేదు. 2011లో ఆమె సెలవులో ఉండగా, ఆమె పని చూస్తున్న మరో ఉద్యోగిని బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్లన్నీ తెప్పించింది. అందులో ఎవరికీ తెలియని ఖాతా ఒకటి కనబడింది. మన బ్యాంకుల్లోనూ కీలక స్థానాల్లో ఉన్నవారిని ముందుగా చెప్పకుండా ఏడాదికోసారి వరసగా కనీసం 10 పనిదినాలు సెలవుపై పంపాలని రిజర్వు బ్యాంకు 2021లో ఆదేశించింది. చిన్న దుకాణంలో ఏడాదికి ఒక వారం సెలవు ఇచ్చి, ఆ వారం పనిని నిజంగా వేరొకరితో చేయించినా ఇదే ప్రయోజనం ఉంటుంది. తిరిగి వచ్చాక చేసుకోవచ్చని పని అలాగే ఉంచితే మాత్రం ఫలితం శూన్యం.

ఎక్కడిదాకా పనిచేస్తుంది

విధుల విభజన ఒక్క మనిషి తప్పును బయటపెడుతుంది. కుర్రాడూ గుమాస్తా కుమ్మక్కైతే రసీదు, పుస్తకం రెండూ ఒకే అబద్ధం చెబుతాయి. అప్పుడు బయటి సాక్ష్యమే దిక్కు: కొట్టువాళ్ల మాట, బ్యాంకు స్టేట్‌మెంట్. బిల్లే రాయకుండా గోడౌన్ నుంచి సరుకు బయటికి పోతే బాకీల లెక్కలో దాని ఊసే ఉండదు. దాన్ని సరుకు నిల్వ లెక్కించి పట్టుకోవాలి, ఆ లెక్కింపు కూడా గోడౌన్ తాళాలు ఉన్న మనిషి ఒక్కడే చేయకూడదు. ఇక యజమానే రసీదు లేకుండా వసూలు చేసి, గల్లాలోంచి రాయకుండా డబ్బు తీస్తుంటే ఏ రోజూ మూడు లెక్కలు కలవవు. రోజూ వచ్చే తేడాల మధ్య అసలు తేడా ఏదో గుర్తుపట్టే వీలు ఎవరికీ ఉండదు. అందుకని తాను తీసుకున్న డబ్బుకు యజమాని కూడా వోచరు రాయాల్సిందే.