జనరేటర్ కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా?

గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేసే చిన్న వెల్డింగ్ షాపులో కరెంటుకు పెద్ద ఇబ్బంది ఉండదు. చిక్కంతా కొత్త ఇంటి దగ్గర ఫిట్టింగ్‌కు వెళ్లినప్పుడే. మీటరు రాని ఇంట్లో డీజిల్ జనరేటర్ లేకపోతే పని కదలదు. ఏడాదికి నాలుగైదు చోట్లయితే అద్దెకు తెచ్చుకుంటారు. పని పెరిగేకొద్దీ ‘ఇంత అద్దె కట్టే బదులు సొంతంగా కొనేస్తే పోదా’ అన్న ఆలోచన మొదలవుతుంది. దానికి జవాబు జనరేటర్ ధరలో దొరకదు. ఏడాదిలో అది ఎన్ని రోజులు తిరుగుతుందన్నదే అసలు లెక్క.

ఒక వెల్డర్, ఒక గ్రైండర్ ఉన్న షాపును తీసుకుందాం. ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ మీద 3.15 మిల్లీమీటర్ల రాడ్‌తో 120 ఆంపియర్ల దగ్గర పని చేస్తే మెషిన్ మూడున్నర కిలోవాట్ల దాకా లాగుతుంది. గ్రైండర్‌ను కూడా కలుపుకుంటే 10 కేవీఏ జనరేటర్ సరిపోతుంది. దాని ధర రెండు లక్షలనుకుందాం. పదేళ్లు వాడి యాభై వేలకు అమ్మితే ఏడాదికి 15,000 రూపాయలు అరుగుదల కిందే పోతాయి. ఆ పదేళ్లలో సగటున లక్షా పాతిక వేలు దానిలో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి, నూటికి ఏడాదికి 12 చొప్పున వడ్డీ మరో 15,000. ఆయిల్, ఫిల్టర్లు, రెండు మూడేళ్లకోసారి బ్యాటరీ కలిపి ఏడాదికి 8,000 వేసుకోండి. మొత్తం 38,000. జనరేటర్ మూల కూర్చున్నా ఈ ఖర్చు ఆగదు. వాడకపోయినా బ్యాటరీ దిగిపోతుంది, ఆయిల్‌కు గడువు తీరుతుంది.

అద్దె రోజుకు 1,500 అయితే ఏడాదికి పాతిక రోజుల దగ్గర రెండు ఖర్చులూ సమానమవుతాయి. అంతకంటే తక్కువ రోజులు తిప్పేవారు కొంటే నష్టపోతారు. ఈ అంకెలు ఊరిని బట్టి మారతాయి. మీ ఊరి ధర, మీ ఊరి అద్దె పెట్టి ఇదే లెక్క వేసుకోండి.

డీజిల్ ఎలాగూ మనమే పోయించుకోవాలి కదా, దాన్ని లెక్కలోకి తేవడమెందుకని చాలామంది వదిలేస్తారు. అక్కడే పొరపాటు. అద్దెకు ఇచ్చేవారి దగ్గర ఎక్కువగా ఉండేవి పెళ్లిళ్లకు పంపే పెద్ద జనరేటర్లు. వెల్డర్ రాడ్ మార్చుకునేటప్పుడు, కొలత చూసుకునేటప్పుడు కూడా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. మన 10 కేవీఏ గంటకు లీటరున్నర తాగే చోట 20 కేవీఏ రెండు లీటర్లు తాగిందనుకోండి, ఎనిమిది గంటల్లో నాలుగు లీటర్లు ఎక్కువ. లీటరు 95 రూపాయలైతే రోజుకు 380 అదనం. అంటే మీ అసలు అద్దె 1,880. పాతిక రోజుల హద్దు ఇప్పుడు ఇరవై రోజులకు దిగింది.

ఎంత తాగుతోందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పొద్దున ట్యాంకు మూతి దాకా నింపి, ప్యానెల్ మీద ఉన్న అవర్ మీటర్ అంకె రాసుకోవాలి. సాయంత్రం మళ్లీ మూతి దాకా నింపితే ఎన్ని లీటర్లు పట్టిందో, దాన్ని తిరిగిన గంటలతో భాగిస్తే సరి. పొగ కూడా చాలా చెబుతుంది. ఇంజను వేడెక్కాక కూడా నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోందని అర్థం. నల్లపొగ వస్తే లోడు ఎక్కువైందో, ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయిందో చూడాలి. సైలెన్సర్ మూతి దగ్గర నల్లటి జిడ్డు కారుతుంటే ఆ జనరేటర్ చాలాకాలంగా మరీ తక్కువ లోడు మీద తిరుగుతోందన్న అనుమానం రావాలి. ‘ఎప్పటికైనా పనికొస్తుంది’ అని అవసరానికి రెండింతల జనరేటర్ కొంటే సొంతదానికీ ఇదే గతి పడుతుంది.

లెక్కకు అందని విషయం ఇంకొకటుంది. గృహప్రవేశాల ముందే ఫిట్టింగ్ పనులు ముంచుకొస్తాయి. మాఘంలో, వైశాఖంలో ఇంటి ముహూర్తాలున్న రోజుల్లోనే పెళ్లిళ్లూ ఉంటాయి. అద్దె జనరేటర్లన్నీ ఫంక్షన్ హాళ్లకు వెళ్లిపోతాయి. దొరికినా అద్దె పెంచుతారు. ఆషాఢంలో అవే జనరేటర్లు ఖాళీగా ఉంటాయి, కానీ అప్పుడు మనకు పని ఉండదు. ఏడాదికి పద్దెనిమిది రోజులే అవసరమైనా, అవన్నీ ముహూర్తాల మధ్యే పడేవారు కొనుక్కోవడమే నయమని నా అభిప్రాయం. ఇల్లుగలాయన గృహప్రవేశానికి గేటు బిగించకపోతే ఆ వీధిలో మరో ఆర్డర్ రాదు.

దేనికైనా ముందు ఇంటివారిని ఒక మాట అడగండి. ఇల్లు కట్టడానికి తీసుకున్న తాత్కాలిక కనెక్షన్ ఇంకా ఉంటే జనరేటరే అక్కర్లేదు. తక్కువ లోడు మీద చిన్న జనరేటర్ లీటరు డీజిల్‌కు రెండున్నర యూనిట్లు ఇస్తే గొప్ప. అంటే యూనిట్ దాదాపు 38 రూపాయలు పడుతుంది. మీటరు కరెంటు అంతకంటే ఎంతో చవక. ఈ ఏడాదికి అద్దెతోనే నడిపించి, తెచ్చిన ప్రతి రోజూ తేదీ, అద్దె, డీజిల్ లీటర్లు ఒక నోటుపుస్తకంలో రాయండి. జనరేటర్ దొరక్క పని ఆగిన రోజులు కూడా రాయండి. షోరూముకు వెళ్లేది ఆ పుస్తకం చూసుకున్నాకే.